విడిగా వస్తుంది, కలిపితే పోతుంది: రాక్ బీట్ సమస్యలు - పరిష్కారాలు

డ్రమ్స్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళ దగ్గర రెండో వారమో మూడో వారమో నాకు తప్పకుండా వినబడే మాట ఒకటుంది. "సార్, చేతులు వాయిస్తే బాగానే వస్తున్నాయి, కాలు ఒక్కటే వేసినా వస్తోంది, రెండూ కలిపితే ఏదో ఒకటి ఆగిపోతోంది." తప్పు చేతిలోనో కాలిలోనో ఉందనుకుని వాళ్ళు ఇంటికెళ్ళి మళ్ళీ విడివిడిగానే గంటలు గంటలు వాయిస్తారు. వచ్చే వారం వచ్చి మళ్ళీ అదే మాట చెబుతారు.

విడిగా సాధన చేయడం మంచిదే. కాకపోతే దేనికోసం విడదీస్తున్నామో తెలియకుండా విడదీస్తే ఉపయోగం ఉండదు. ఆ సంగతి చూశాక ఒక్కో లక్షణం దగ్గరికి వెళ్దాం. కుడిచేతి వాటం వాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఎడమచేతి వాటం వాళ్ళు కిట్‌ను తిప్పి పెట్టుకుంటే కుడి అన్నచోట ఎడమ అని చదువుకోండి.

## ముందు బీట్ సంగతి

అందరూ మొదట నేర్చుకునే రాక్ బీట్ ఇది. కుడిచేయి హైహ్యాట్ మీద ఆపకుండా ఎనిమిది దెబ్బలు వేస్తుంది. ఎడమచేయి స్నేర్ మీద రెండు, కుడికాలు కిక్ మీద రెండు. ఎడమకాలు హైహ్యాట్ పెడల్‌ను నొక్కి ఉంచుతుంది, అంతే. నెట్‌లో దీన్ని ఇలా రాస్తారు:

```
HH |xxxxxxxx|
SD |--o---o-|
BD |o---o---|
```

పైన హైహ్యాట్, మధ్యలో స్నేర్, కింద కిక్. ఎడమ నుంచి కుడికి ఎనిమిది గళ్ళు. చాలామంది వీటిని "వన్ అండ్ టూ అండ్ త్రీ అండ్ ఫోర్ అండ్" అని లెక్కపెడతారు. నేను మాత్రం "తకధిమి తకజను" అనిపిస్తాను. మృదంగం నేర్చుకునే పిల్లలు చెయ్యి వేయకముందే నోటితో చెప్పే జతులు ఇవే. ఎనిమిది అక్షరాలు, ఎనిమిది గళ్ళు, సరిగ్గా సరిపోతాయి. పైగా "అండ్" నాలుగుసార్లు వస్తుంది కాబట్టి తడబడినప్పుడు ఏ "అండ్" దగ్గర ఉన్నామో తెలియదు. "ను" అంటే మాత్రం చివరి గడి అని వెంటనే తెలిసిపోతుంది. త, క రెండేసిసార్లు వస్తాయి కాబట్టి వాటిని మొదటి త, రెండో త అని పిలుద్దాం. మీకు వన్ అండ్ అలవాటైపోయి ఉంటే అదే ఉంచుకోండి, నష్టమేమీ లేదు.

ఈ లెక్కలో చూస్తే కిక్ రెండు "త"ల మీద పడుతుంది. స్నేర్ "ధి" మీద, "జ" మీద. హైహ్యాట్ అన్నిటి మీదా.

ఇప్పుడు ఆ పటాన్ని అడ్డంగా కాకుండా పైనుంచి కిందికి, గడి గడిగా చదవండి. త దగ్గర హ్యాట్, కిక్ కలిసి పడుతున్నాయి. క దగ్గర హ్యాట్ ఒక్కటే. ధి దగ్గర హ్యాట్, స్నేర్ కలిసి. మి దగ్గర మళ్ళీ హ్యాట్ ఒక్కటే. తర్వాతి నాలుగు గళ్ళూ ఇవే. అంటే మొత్తం బీట్‌లో మూడు రకాల దెబ్బలే ఉన్నాయి: హ్యాట్-కిక్, హ్యాట్ ఒక్కటి, హ్యాట్-స్నేర్. వీటిని నేను అతుకులు అంటాను. మూడు అవయవాలు మూడు వేరువేరు పనులు చేస్తున్నాయని అనుకున్నంతకాలం తల తిరిగిపోతుంది. వరసగా వచ్చే అతుకులు అనుకుంటే ఒకే ఒక్క వరస గుర్తుపెట్టుకోవాలి.

చేతులూ కాళ్ళూ విడిగా సాధన చేసేది ఒక్కో అవయవానికి తన గడి ఏదో తెలియడానికి. అతుకు వేయడం దాని తర్వాత వచ్చే వేరే పని, దానికి వేరే సాధన కావాలి. మొదట్లో చెప్పిన "రెండూ కలిపితే ఆగిపోతోంది" అనే మాటలన్నీ ఈ తేడా దగ్గర పుట్టినవే.

## సమస్య: విడివిడిగా శుభ్రంగా వస్తుంది, కలపగానే చెదిరిపోతుంది

ముందు ఒక చిన్న పరీక్ష. కాలు ఒక్కటే వాయించండి, విడిగా, మీరు ఇంట్లో చేసినట్టే. పక్కన ఎవరినైనా కూర్చోబెట్టి, మధ్యలో ఉన్నట్టుండి "ఆగు" అనమనండి. ఆగిన క్షణంలో నోట్లో ఏ అక్షరం ఉంది? వెంటనే చెప్పలేకపోతే కారణం దొరికినట్టే.

ఎక్కువమంది కాలు సాధన అంటే "ధుమ్... ధుమ్... ధుమ్..." అని సమంగా తొక్కుతారు. చేతి సాధన అంటే "చిక్ చిక్ చిక్ చిక్" అని గీత గీసినట్టు వాయిస్తారు. రెండూ బాగానే ఉంటాయి. కానీ కాలు తొక్కేటప్పుడు ఆ ధుమ్‌కీ ధుమ్‌కీ మధ్య మూడు ఖాళీ గళ్ళున్నాయని లోపల ఎవరూ లెక్కపెట్టడం లేదు. చెయ్యి ఎనిమిది లెక్కలో ఉంది, కాలు రెండు లెక్కలో ఉంది. కలిపిన రోజున రెండు గడియారాలు ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి.

పరిష్కారం: ఏ ఒక్క అవయవం వాయిస్తున్నా నోరు మాత్రం ఎనిమిది అక్షరాలూ పైకే పలకాలి. మనసులో కాదు, గొంతుతో. కాలు రెండు "త"ల మీదే పడుతుంది, మిగతా ఆరు అక్షరాలూ నోరు నింపుతుంది. ఎడమచేయి ధి, జ మీదే. సిగ్గుపడి నెమ్మదిగా గొణిగేవాళ్ళకు కష్టం వచ్చిన గడి దగ్గర గొంతు ఆగిపోతుంది. అలా ఆగడం కూడా మంచి గుర్తే: గొంతు ఏ అక్షరం దగ్గర ఆగిందో తప్పు సరిగ్గా అక్కడే ఉంది.

మెట్రోనోమ్ 60 మీద, అంటే నిమిషానికి 60 క్లిక్‌ల మీద పెట్టండి. క్లిక్ త, ధి, త, జ మీద పడాలి, మిగతా నాలుగు అక్షరాలు క్లిక్‌ల మధ్యలో. అంటే ఒక్కో గడికి అర సెకను. అంత నెమ్మదిలో క్లిక్‌కీ క్లిక్‌కీ మధ్య మీరు ఊగిపోతుంటే స్పీడ్ పెంచకండి. మెట్రోనోమ్‌ను 120కి మార్చి, ఒక్కో అక్షరానికి ఒక్కో క్లిక్ అనుకోండి. వాయించే వేగం మారదు, పట్టుకోవడానికి మాత్రం రెట్టింపు కొక్కేలు దొరుకుతాయి. నిలదొక్కుకున్నాక మళ్ళీ 60కి రండి.

తర్వాత వరస ఇలా. ఒక్కో అవయవం విడిగా రెండేసి నిమిషాలు. ఆ తర్వాత జంటలు. మూడూ ఒకేసారి కలపొద్దు. అందరూ దాటేసేది ఈ మెట్టే. జంటలు మూడున్నాయి:

కుడిచేయి, కుడికాలు. హ్యాట్ ఎనిమిది, కిక్ రెండు. ఇది సులువుగా వస్తుంది.

కుడిచేయి, ఎడమచేయి. హ్యాట్ ఎనిమిది, స్నేర్ రెండు. ఇదీ వస్తుంది.

ఎడమచేయి, కుడికాలు. హ్యాట్ లేకుండా కిక్, స్నేర్ మాత్రమే. ధుమ్, ఖాళీ, టాక్, ఖాళీ. చూడటానికి అన్నిటికంటే తేలిక, కానీ చాలామందికి ఊగేది ఇక్కడే, ఎందుకంటే ఖాళీలను నింపడానికి హ్యాట్ లేదు. ఈ జంట నోటి లెక్కతో రెండు నిమిషాలు కదలకుండా నిలబడితే, మూడోది కలిపిన రోజు నిలబడుతుంది. నేనైతే మొత్తం సాధనలో సగం సమయం ఈ జంటకే ఇస్తాను.

ఒక విషయంలో నేను కొంచెం మొండిగా ఉంటాను. విడివిడి సాధన రోజుకు పది నిమిషాలు దాటనివ్వను. ఒంటరిగా ఎంత బాగా వాయించినా అతుకు దానంతటది రాదు. నెలరోజులు విడిగా వాయించి వచ్చినవాళ్ళు వారం క్రితం మొదలుపెట్టినవాళ్ళ పక్కన కూర్చుని అదే చోట తడబడటం చాలాసార్లు చూశాను.

## సమస్య: స్నేర్ కొట్టిన ప్రతిసారీ కాలు కూడా తొక్కేస్తోంది

ధి మీద టాక్ ఒక్కటే రావాలి, ధుమ్ కూడా వస్తోంది. లేదా కాలు హ్యాట్‌తో పాటు అన్ని గళ్ళలోనూ దిగుతోంది. మొదటి వారంలో ఇది దాదాపు అందరికీ ఉంటుంది. శరీరానికి అన్నీ కలిపి ఒకేసారి దించడం సహజంగా వచ్చిన పని. ఒకటి దిగుతుంటే ఇంకొకటి ఆగి ఉండటం నేర్చుకోవాల్సిన పని.

ఇక్కడ మెట్రోనోమ్ ఆపేయండి. వేగంలో సరిచేయాలని చూస్తే తప్పే ఇంకా గట్టిపడుతుంది. లయ లేకుండా, గడి గడిగా వాయించాలి. "త" అని చెప్పి హ్యాట్, కిక్ కలిపి కొట్టండి. ఆగండి. ఇప్పుడు "క" అని చెప్పి, హ్యాట్ ఒక్కటే. ఆగండి. తర్వాతి గడి "ధి". కొట్టకముందే నోటితో చెప్పండి: "చేతులు రెండూ, కాలు వద్దు." కాలివైపు ఒకసారి చూడండి, పెడల్ మీద బరువు లేకుండా ఉందా? ఉంటేనే కొట్టండి. తొందర లేదు, ఒక్కో గడికి మూడు సెకన్లు తీసుకున్నా ఫర్వాలేదు. తప్పు గడి పడితే ఆ గడినే మళ్ళీ చేయకండి, మొదటి త నుంచి రండి.

ఇలా పది చుట్లు తప్పు లేకుండా వచ్చాక గడుల మధ్య ఆగే సమయాన్ని తగ్గించుకుంటూ రండి. ఎప్పుడో ఒకప్పుడు అది దానంతటదే లయగా మారుతుంది. అప్పుడు మెట్రోనోమ్ పెట్టండి.

ఇది అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళకు కలిసొచ్చే సాధన కూడా. కిట్ అక్కర్లేదు. కుర్చీలో కూర్చుని కుడిచేయి కుడి తొడ మీద, ఎడమచేయి ఎడమ తొడ మీద, కుడికాలు నేల మీద. దిండు మీద స్టిక్స్‌తో వాయించడం మాత్రం అతుకుల కోసం సరే, స్టిక్ తిరిగి లేవడం నేర్చుకోవడానికి పనికిరాదు. దిండు నుంచి స్టిక్ ఎగరదు, ప్రతిసారీ మీరే ఎత్తాలి.

## సమస్య: రెండో కిక్ రాగానే హ్యాట్ ఆగిపోతోంది

పై బీట్ కుదిరాక అందరూ వెళ్ళే తర్వాతి మెట్టు ఇది:

```
HH |xxxxxxxx|
SD |--o---o-|
BD |o---oo--|
```

మారింది ఒకే ఒక్క గడి. రెండో "క" మీద అదనంగా ఒక కిక్. ధుమ్ టాక్, ధుమ్‌ధుమ్ టాక్. ఈ ఒక్క గడి దగ్గర ఆగిపోయి నెలలు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు కాబట్టి దీనికి కొంచెం ఎక్కువ చోటు ఇస్తాను.

ముప్ఫై దాటిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి నా దగ్గరికి ఆరు వారాలుగా వస్తున్నాడు. మొదటి బీట్ 80 మీద శుభ్రంగా వాయిస్తాడు. ఈ రెండోది ఎత్తుకుంటే చాలు, పడిపోతోంది. "నా కాలు స్లో సార్, రెండు కిక్కులు వెంటవెంటనే పడటం లేదు" అన్నాడు. ఇంట్లో వారమంతా కాలు ఒక్కటే "ధుమ్‌ధుమ్... ధుమ్‌ధుమ్..." అని తొక్కి వచ్చాడు, పిక్క నొప్పి కూడా తెచ్చుకున్నాడు.

కాలు స్లో కాదని లెక్క వేసి చూపించాను. 60 మీద గడికి అర సెకను. అర సెకనులో రెండోసారి తొక్కడానికి ఎవరి కాలూ సరిపోకుండా ఉండదు. 60లో కూడా తడబడుతున్నాడంటే సమస్య వేగంలో లేదు.

ఫోన్‌లో అతని కుడిచేయి కనబడేలా వీడియో తీశాం. చూస్తే సంగతి బయటపడింది. రెండో "క" దగ్గర కిక్ సరిగ్గానే పడుతోంది, హ్యాట్ మాత్రం పడటం లేదు. చెయ్యి గాలిలో ఒక గడి పాటు ఆగి, తర్వాత జ దగ్గర స్నేర్‌తో కలిసి గబుక్కున దిగుతోంది. వినేటప్పుడు మాత్రం అతనికి కిక్ తప్పు పడినట్టే అనిపిస్తోంది, ఎందుకంటే హ్యాట్ లేని ఆ గడిలో కిక్ ఒంటరిగా, ఎక్కడో పడ్డట్టు వినబడుతుంది.

చెయ్యి ఎందుకు ఆగింది? మొదటి బీట్‌లో కిక్ ఎప్పుడూ క్లిక్ మీదే పడింది. క, మి, ను గళ్ళలో చెయ్యి ఆరు వారాలుగా ఒంటరిగానే ఉంది. "క అంటే చెయ్యి ఒక్కటే" అని శరీరం నేర్చేసుకుంది. ఇప్పుడు అక్కడ కాలు కూడా రావాలంటే ఆ గడిలో అతుకు మారాలి. అతుకు పాతదే, హ్యాట్-కిక్. దాన్ని పెట్టాల్సిన చోటు కొత్తది. కాలిని ఎంత తొక్కినా ఈ చోటు నేర్చుకోదు, ఎందుకంటే అతను ఇంట్లో కాలు సాధన చేస్తున్నప్పుడు చెయ్యి లేదు.

మేం చేసింది ఇదీ. మొత్తం బీట్ పక్కన పెట్టేశాం. మూడే మూడు గళ్ళు: రెండో త, రెండో క, జ. హ్యాట్-కిక్, హ్యాట్-కిక్, హ్యాట్-స్నేర్. అక్కడితో ఆగిపోవాలి. "ను" లేదు, తిరిగి మొదలూ లేదు. ఊపిరి పీల్చుకుని మళ్ళీ. స్పీడ్ 60. మొదటి పదిసార్లలో నాలుగుసార్లు హ్యాట్ పోయింది. ఇరవై దాటాక పోవడం మానేసింది.

ఆ తర్వాత వెనక్కి ఒక్కో గడి కలిపాం. మి నుంచి మొదలుపెట్టి జ దగ్గర ఆపడం. ఆపైన ధి నుంచి. ముందు నుంచి కాకుండా వెనక్కి ఎందుకు కలపాలంటే, ఇలా చేస్తే ప్రతిసారీ తెలియని చోటు నుంచి తెలిసిన చోటుకి వెళ్తాం. కష్టమైన గడి వచ్చేసరికి చేతికి ధైర్యం ఉంటుంది. మొదటి త నుంచి మొదలుపెట్టే అలవాటు ఉన్నవాళ్ళు తేలిక భాగాన్ని వందసార్లు వాయించి, కష్టమైన భాగాన్ని వందసార్లు పాడుచేస్తారు.

ఆ క్లాసు చివరికి మొత్తం బీట్ 60 మీద నాలుగు చుట్లు నిలబడింది. ఇంటికి ఇచ్చిన పని కూడా చిన్నదే: రోజుకు పదిహేను నిమిషాలు, మూడు గళ్ళ ముక్కతో మొదలు, వరసగా ఎనిమిది చుట్లు తప్పు లేకుండా వస్తేనే స్పీడ్ 4 పెంచాలి, ఒక్క తప్పు పడితే 4 తగ్గాలి. వారం తర్వాత 76తో వచ్చాడు. 80 దగ్గర హ్యాట్ మళ్ళీ పోయింది, కానీ ఈసారి ఎక్కడ పోయిందో అతనే చెప్పాడు.

మీకు హ్యాట్ పోవడం కాకుండా దానికి తిరగబడి, రెండో క దగ్గర హ్యాట్ రెండుసార్లు పడుతుంటే కారణం వేరే అనుకోకండి. అదే తప్పు, అటు వాలింది. పరిష్కారం కూడా ఇదే.

## సమస్య: రెండూ కలిసే పడాలి, కానీ "ట్టక్" అని చీలి వినబడుతోంది

గడి సరైనదే. అతుకు కూడా సరైనదే. కానీ హ్యాట్, స్నేర్ ఒక్క శబ్దంగా రావడం లేదు, ఒకటి వెంట్రుకవాసి ముందు పడుతోంది. వాయించేవాళ్ళకు చాలాసార్లు వినబడదు. రికార్డు చేసి వింటే తెలుస్తుంది.

స్టిక్స్ ఎత్తు చూసుకోండి. హ్యాట్ మీద కుడి స్టిక్ మూడు నాలుగు అంగుళాల ఎత్తు నుంచి దిగుతుంటుంది. స్నేర్ గట్టిగా రావాలని ఎడమ స్టిక్‌ను భుజందాకా ఎత్తుతారు. రెండూ ఒకేసారి బయలుదేరితే ఎత్తులోంచి వచ్చేది ఆలస్యంగా చేరుతుంది. కొంతమంది ఎడమ స్టిక్‌ను ధి దగ్గరే ఎత్తి ధి దగ్గరే దించాలని చూస్తారు, అది ఎలాగూ ఆలస్యమే.

స్టిక్ ఎత్తడానికి కూడా ఒక గడి ఉండాలి. ధి మీద కొట్టే స్నేర్‌కు ఎడమ స్టిక్ "క" దగ్గర లేవాలి. జ మీద కొట్టేదానికి రెండో క దగ్గర. కాలికి కూడా ఇదే. మడమ ఎత్తి తొక్కేవాళ్ళయితే మొదటి త కోసం కాలు "ను" దగ్గర లేచి ఉండాలి. కిక్, హ్యాట్ చీలుతుంటే ఇదొక్కటి సరిచేస్తే చాలావరకు పోతుంది.

సాధనకు ఒక్క గడి చాలు. హైహ్యాట్ మూసి పట్టుకుని, స్నేర్, హ్యాట్ కలిపి ఇరవైసార్లు కొట్టండి, లయ అక్కర్లేదు. రెండు శబ్దాలు కలిసి మూడో శబ్దంలా వినబడేదాకా ఎడమ స్టిక్ ఎత్తు తగ్గించుకుంటూ రండి. శబ్దం కలిసిన ఎత్తు దొరికాక ఆ ఎత్తునుంచే గట్టిగా కొట్టడం నేర్చుకోవచ్చు. మణికట్టులో విసురు ఉంటే అంత పైనుంచి కొట్టాల్సిన పని లేదు.

## సమస్య: కాలు తిమ్మిరి, హ్యాట్ "స్స్" అంటోంది, కిక్ కూరుకుపోతోంది

ఇవి చేతి-కాలి కలయిక సమస్యల్లా కనబడతాయి, కానీ సగం సీట్ సమస్యలు. సీట్ మరీ కిందికి ఉంటే మోకాలు నడుము కంటే పైకి వస్తుంది, ప్రతి కిక్‌కు తొడ బరువంతా ఎత్తాల్సి వస్తుంది. కూర్చున్నప్పుడు తొడలు నడుము నుంచి మోకాలికి కొంచెం కిందికి వాలి ఉండాలి. ముందు ఇది చూసుకోండి, ఆ తర్వాతే కాలిని తిట్టుకోండి.

హ్యాట్ "చిక్" బదులు "స్స్" అని పారుతుంటే ఎడమకాలు వదులైందన్నమాట. కుడికాలు కష్టపడేటప్పుడు ఎడమకాలు తెలియకుండా లేస్తుంది. రెండో క దగ్గర ఇది ఎక్కువ. అతుకులన్నీ కుదిరేదాకా ఎడమకాలిని పట్టించుకునే పని పెట్టుకోకుండా, హైహ్యాట్ పైపళ్ళెం క్లచ్‌ను కిందికి దించి కిందిపళ్ళేనికి ఆనించి బిగించేయండి. తర్వాత వదులు చేసుకోవచ్చు.

కిక్ కొట్టాక బీటర్‌ను తోలుకే అదిమి పట్టడం తప్పేమీ కాదు, చాలామంది అలాగే వాయిస్తారు. కానీ రెండు వరస కిక్కులు నేర్చుకునే రోజుల్లో బీటర్‌ను వదిలేయండి, దానంతటది వెనక్కి రావాలి. అదిమి పట్టి ఉంటే రెండో దెబ్బకు ముందు దాన్ని విడిపించడానికే సమయం పోతుంది.

## సమస్య: అన్నీ కుదిరాయి, కానీ వేగం పెరిగిపోతోంది

సాధారణంగా స్నేర్ తర్వాతి గడిలో పెరుగుతుంది. మి, ను దగ్గర హ్యాట్ ఒక్కటే ఉంటుంది, చేతికి అది ఖాళీలా అనిపించి తొందరపడుతుంది. ఫోన్‌లో రికార్డు చేసి, కిక్‌ను పట్టించుకోకుండా మి నుంచి తకి, ను నుంచి తకి దూరం వినండి. అక్కడ ఇరుకుగా ఉంటే మి, ను అక్షరాలను నోటితో కొంచెం సాగదీసి పలకండి. చెయ్యి నోటి వెంటే వస్తుంది. అక్కడ హ్యాట్‌ను గట్టిగా కొట్టి ఆపాలని మాత్రం చూడకండి, దాంతో బీట్ కుంటుతుంది.

ఇది పోయాక మెట్రోనోమ్‌ను 30కి దించి, 60 మీద వాయించిన వేగంలోనే వాయించండి. అంటే ఇప్పుడు క్లిక్ స్నేర్ దగ్గరే, ధి మీదా జ మీదా పడాలి. "త" మీద క్లిక్ లేకపోయేసరికి మొదటి రెండు మూడు చుట్లలో క్లిక్ మీ లోపల కిక్ వైపు జారిపోతుంది. జారిందని తెలిసిన వెంటనే ఆపి, నోటితో రెండుసార్లు తకధిమి తకజను చెప్పి, ధి మీద క్లిక్ పడేలా సరిచూసుకుని మళ్ళీ ఎత్తుకోండి.

ఇంక కొత్త బీట్ దేనికి వెళ్ళినా చేతులను కదపకండి, కిక్‌ను ఒక్క గడే మార్చండి. రెండో క అయ్యాక మొదటి క, తర్వాత మి, చివరికి ను. "ను" మీద కిక్ అన్నిటికంటే మొండిది, ఎందుకంటే వెంటనే వచ్చే మొదటి త మీద ఇంకో కిక్ ఉంటుంది, మధ్యలో చుట్టు మారుతుంది. దాన్ని జ, ను, త అనే మూడు గళ్ళ ముక్కగా కోసుకుని, పైన చెప్పిన పద్ధతిలోనే వెనక్కి కలుపుకుంటూ రండి.